చిన్న కిస్తు వెనుక రెండో అప్పు

నెల కిస్తు తగ్గితే కారు చవకగా వచ్చినట్టేనన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. ఐదేళ్లు చిన్న కిస్తులు కట్టి, చివర ఒకేసారి పెద్ద మొత్తం చెల్లించే బెలూన్ లోన్ ఆ నమ్మకం మీదే నిలబడింది. ఎనిమిది లక్షల అప్పు, ఏడాదికి 10 శాతం మిత్తి, 60 నెలల గడువు అనుకుందాం. మామూలు పద్ధతిలో కిస్తు దాదాపు 17,000 రూపాయలు, మొత్తం మిత్తి 2.20 లక్షలు. చివర 3.20 లక్షలు కట్టే ఒప్పందమైతే కిస్తు 12,865కు దిగుతుంది, మిత్తి మాత్రం 2.92 లక్షలకు చేరుతుంది. రేటు మారకుండానే 72 వేలు అదనంగా పడ్డాయి. లెక్క విడదీస్తే కారణం తెలుస్తుంది. 12,865 కిస్తుతో ఐదేళ్లలో తీరేది ఆరు లక్షల ఐదు వేల అప్పే. మిగిలిన లక్షా 95 వేలు తీరకుండా, మిత్తి మీద మిత్తి పెరిగి, 3.20 లక్షలవుతుంది. అంటే మనం తీసుకున్నది ఒక అప్పు కాదు, రెండు.

బీర్పూర్, కోరుట్ల, సిరిసిల్ల వంటి గల్ఫ్ వలస ప్రాంతాల్లో దీనికి ఒక సమర్థన ఉంది: మనిషి తిరిగొచ్చేటప్పుడు చేతికి సొమ్ము వస్తుంది, దాంతో కట్టేయొచ్చు అని. ఆ సొమ్మెంతో చూడాలి. యూఏఈ చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల మూల వేతనం గ్రాట్యుటీగా వస్తుంది. ఐదేళ్లకు 105 రోజులు, అంటే మూడున్నర నెలల జీతం. మూల వేతనం 1,200 దిర్హమ్‌లైతే వచ్చేది 4,200 దిర్హమ్‌లు, మన లెక్కలో సుమారు లక్ష. మిగతా రెండు లక్షల పైచిలుకు ఎక్కడి నుంచి తేవాలి? కొలువు మూడేళ్లకే పోతే పరిస్థితి మరీ కష్టం. మామూలు అప్పులో అప్పటికి 3.68 లక్షలే మిగిలి ఉంటే, ఇందులో 5.41 లక్షలు మిగిలి ఉంటాయి. కారు అమ్మినా బాకీ తీరుతుందన్న భరోసా ఉండదు.

కిస్తులో మిగిలిన 4,132 రూపాయలను దాచుకుంటామని మరికొందరంటారు. ఒక్క నెల కూడా తప్పకుండా 7 శాతం రికరింగ్ డిపాజిట్‌లో వేసినా చేరేది 2.96 లక్షలే; ఇంకా 24 వేలు తక్కువ. చివరి మొత్తానికి మళ్లీ అప్పు చేస్తే, 12 శాతం చొప్పున మూడేళ్లకు మరో 63 వేల మిత్తి పడుతుంది. గడువుకల్లా సొమ్ము కచ్చితంగా చేతికందే వారికి ఈ పద్ధతి పనికొస్తుందని ఒప్పుకుంటాను. కానీ వారు కూడా 72 వేల ధర తెలిసే ఒప్పుకోవాలి.

2024 అక్టోబర్ 1 నుంచి కొత్త అప్పులకు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం పెట్టింది. అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో వార్షిక రేటు చూసి ఆగిపోతే మోసపోతాం, ఎందుకంటే రెండు పద్ధతుల్లోనూ అది దాదాపు ఒకటే. చూడాల్సింది మొత్తం మిత్తి, వాయిదాల పట్టికలో చివరి వరుస. నెలకు 12,865 మాత్రమే కట్టగలిగితే, మన తాహతుకు తగ్గ అప్పు ఆరు లక్షలు. అందులో వచ్చే కారే మనం కొనగలిగిన కారు.