బ్యాంకులో పడిందే అమ్మకం కాదు

పోయినేడాది ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మా వారు పన్నుల కాగితాలు ముందేసుకుని కూర్చుని, "నువ్వు ఏడాదంతా ఎంత అమ్మావు?" అని అడిగారు. నేను ధీమాగా నోట్‌బుక్ తీసి "8,100 డాలర్లు" అన్నాను. ఆయన చేతిలో కాగితం మాత్రం 11,000 అంటోంది. "మిగతా డబ్బు ఏ పోపుల డబ్బాలో దాచావు?" అని ఆయన నవ్వారు గానీ, నాకు నవ్వు రాలేదు.

నేను పెడన కలంకారీ గుడ్డ తెప్పించుకుని, కుషన్ కవర్లు కుట్టి ఒక ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముతాను. మేముండేది న్యూజెర్సీలో. మా వారి చేతిలో ఉన్న ఆ కాగితం పేరు 1099-కె. దీన్ని మార్కెట్‌ప్లేస్ మనకీ పంపుతుంది, ఐఆర్ఎస్‌కీ పంపుతుంది. ప్రస్తుత ఫెడరల్ నియమం ప్రకారం 20,000 డాలర్లు, 200 అమ్మకాలు రెండూ దాటితేనే ఇది పంపాలి. న్యూజెర్సీ వాళ్లకు 1,000 డాలర్లకే వస్తుంది. కాగితం రాకపోయినా ఆదాయం చూపించాల్సిందే అనుకోండి.

ఆ కాగితంలో తప్పేమీ లేదు. కొన్నవాళ్లు చెల్లించిన మొత్తం సొమ్మే అందులో ఉంటుంది. కమీషన్లు, ఫీజులు, వాపసులు ఏవీ అందులోంచి తీసేయరు. నా నోట్‌బుక్‌లో ఉన్నదేమో అవన్నీ పోగా బ్యాంకులో పడిన డబ్బు. నేను దాన్నే అమ్మకం అనుకుని రాసుకున్నాను.

ఒక్క నెల లెక్క చెబితే మీకే తెలుస్తుంది. అక్టోబరులో ఒక్కొక్కటి 25 డాలర్ల చొప్పున 40 కవర్లు అమ్మాను, 40 వేరు వేరు ఆర్డర్లు. అంటే అమ్మకం 1,000 డాలర్లు. మార్కెట్‌ప్లేస్ కమీషన్ పది శాతం, అంటే 100. కార్డు డబ్బు తెచ్చిపెట్టే పేమెంట్ గేట్‌వే ఫీజు మూడు శాతం, దానిమీద ఆర్డరుకు 25 సెంట్లు. రెండూ కలిపి 40. నాలుగు కవర్లు వాపసు వచ్చాయి. వాటికి 100 తిరిగి ఇచ్చారు. ఆ నాలుగింటి కమీషన్ 10 డాలర్లు నాకు తిరిగి జమ చేశారు గానీ, గేట్‌వే ఫీజు మాత్రం వెనక్కి రాలేదు. వాపసు పార్సిల్ లేబుళ్లకు ఆరేసి డాలర్లు, మొత్తం 24 కోసేశారు. చివరికి నాకు రావలసింది 746.

బ్యాంకులో పడింది మాత్రం 531. ఎందుకంటే ఆఖరి వారంలో అమ్మిన పది కవర్ల డబ్బు, ఫీజులు పోగా 215 డాలర్లు, ఇంకా మార్కెట్‌ప్లేస్ దగ్గరే ఉంది. ఆర్డరయ్యాక కొన్ని రోజులు ఆపి గానీ వాళ్లు ఇవ్వరు. అది నవంబరులో వచ్చింది.

మరి ఇదంతా ఎలా రాసుకోవాలి? నేను చదివింది కెమిస్ట్రీ. ప్రయోగంలో పాత్రలోకి పోసింది, బయటికి తీసింది, లోపల మిగిలింది, ఈ మూడూ సరిపోకపోతే ఎక్కడో కారిందనే అర్థం. లెక్కల్లోనూ అదే చేశాను. బ్యాంకు ఖాతాతో పాటు "దారిలో ఉన్న డబ్బు" అని ఇంకో పేజీ పెట్టాను. అమ్మగానే పూర్తి 25 ఆ పేజీలో కలుపుతాను. కమీషన్, గేట్‌వే ఫీజు, వాపసు, లేబుల్ ఖర్చు, బ్యాంకుకు వచ్చిన డబ్బు, ఒక్కొక్కదాన్నీ దాని పేరుతోనే తీసేస్తాను. నెలాఖరుకు మిగిలింది మార్కెట్‌ప్లేస్ నాకు ఇవ్వాల్సిన బ్యాలెన్స్‌తో సెంటు తేడా లేకుండా సరిపోవాలి. అక్టోబరు ఆఖరున నా పేజీలో 215, వాళ్ల స్క్రీన్ మీదా 215.

ఈ అంకెలు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరకవు, అక్కడ ఒక్క మొత్తమే కనిపిస్తుంది. ప్రతి చెల్లింపుకూ మార్కెట్‌ప్లేస్ ఇచ్చే సెటిల్‌మెంట్ రిపోర్ట్ దించుకుని, దాన్ని చూసి రాయాలి. పాతవి కొన్నాళ్లకు దొరక్కపోవచ్చు, అందుకే వచ్చినవి వచ్చినట్టే దాచుకుంటాను.

ఈ పేజీ వల్ల లాభమేమిటో నవంబరులో తెలిసింది. 215 రావాల్సింది, 186 డాలర్ల 50 సెంట్లే వచ్చాయి. తేడా 28.50. అంతకుముందైతే "ఏదో కోసుకుని ఉంటారులే" అని వదిలేసేదాన్ని. ఇప్పుడు చూడగానే తెలిసింది: 25 వాపసు, 6 లేబుల్, తిరిగొచ్చిన కమీషన్ రెండున్నర. అంటే అక్టోబరులో అమ్మిన ఒక కవరు వాపసు వచ్చింది, దాని డబ్బు నవంబరు చెల్లింపులోంచి తీసుకున్నారు. రిపోర్ట్ తెరిస్తే అదే ఉంది. తేడాకు ఇలా లెక్క కుదరకపోతే మాత్రం ఊరుకోను. ఏదో కొత్త ఫీజో, నేను ఒప్పుకున్న విషయం మర్చిపోయిన ప్రకటన ఖర్చో, లేక వాళ్ల పొరపాటో తేలేదాకా అడుగుతాను.

అసలు లాభం సంగతి ఇంకా చెప్పనే లేదు. ఒక కవరుకు గుడ్డ, జిప్పు, కుట్టు ఖర్చు 9 డాలర్లు, ప్యాకింగ్‌తో కలిపి పంపడానికి 5. అక్టోబరులో నలభై పంపడానికి 200 అయింది. వాపసు వచ్చిన నాలుగింట్లో మూడు మళ్లీ అమ్మగలిగేలా ఉన్నాయి, ఒకదాని మీద కూర మరక. కాబట్టి చేతినుంచి పోయినవి 37, వాటి ఖరీదు 333. 746లోంచి ఈ రెండూ తీసేస్తే మిగిలింది 213 డాలర్లు. బ్యాంకులో 531 చూసి మురిసిపోయిన నెల అది!

ఇంకొంచెం లోతుకు వెళితే, నిలిచిన ప్రతి అమ్మకానికీ నాకు మిగిలేది ఏడున్నర డాలర్లు. కవరు బాగానే తిరిగొచ్చినా ప్రతి వాపసుకూ పోయేది 12: పంపిన ఖర్చు 5, లేబుల్ 6, వెనక్కి రాని గేట్‌వే ఫీజు 1. ఒక్క వాపసు ఒకటిన్నర అమ్మకాల లాభాన్ని తినేస్తోంది. అందుకే ధర పెంచకుండా ముందు వాపసుల కారణాలు చదివాను. ఎక్కువమంది "సైజు సరిపోలేదు" అన్నారు. ఫొటోలో కవరు పక్కన కొలటేపు పెట్టి, లోపల దిండు ఉండదని మొదటి వాక్యంలోనే రాశాను. వాపసులు సగానికి తగ్గాయి.

ఇక పన్నుల కాగితం. షెడ్యూల్ సిలో మొదటి లైనులో పూర్తి అమ్మకం, రెండో లైనులో వాపసులు, పదో లైనులో కమీషన్లు, ఫీజులు రాస్తాం. అప్పుడు మన మొత్తం 1099-కెతో కలుస్తుంది, పన్ను మాత్రం మిగిలిన లాభం మీదే పడుతుంది. మొదటి లైనులో బ్యాంకు అంకె రాస్తే, ఐఆర్ఎస్ దగ్గరున్న అంకెకంటే తక్కువ కనిపించి ఉత్తరం వచ్చే ప్రమాదం ఉంది. డిసెంబరు ఆఖరి వారం అమ్మకాల డబ్బు జనవరిలో వచ్చినా, ఆ ఫారంలో అవి డిసెంబరు ఏడాదిలోనే ఉంటాయి. ఆ తేడా కూడా "దారిలో ఉన్న డబ్బు" పేజీలోనే దొరుకుతుంది.

ఒక్క మాట. మీరు వీసా మీద ఉంటే, పనిచేసే అనుమతి ఉందో లేదో చూసుకునే ఇలాంటి అమ్మకాలు మొదలుపెట్టండి.

ఈ ఏడాది కూడా మా వారు అదే ప్రశ్న అడిగారు. "ఏ అంకె కావాలి? అమ్మిందా, బ్యాంకులో పడిందా, మిగిలిందా?" అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "మూడూ ఇవ్వు" అన్నారు.