మేక ఒంటివేడి, మన థర్మామీటర్

పోయిన నెల మాటల్లో మా పక్కింటి వదిన పరుగున వచ్చి, "అన్నా, మేకకు నూటరెండు జ్వరం, బిడ్డకు పెట్టే థర్మామీటర్‌తోనే చూసిన" అన్నది. నేను నవ్విన. మనిషికి నూటరెండు జ్వరమే, మేకకు కాదు. మేక మామూలు ఒంటివేడే 101.5 నుంచి 103.5 డిగ్రీల దాక ఉంటది. ఆవు, బర్రెలది ఇంకొంచెం తక్కువ, 100.5 నుంచి 102.5 దాక. కోడిదైతే 105 నుంచి 107. కోడిని పట్టుకుంటే చెయ్యి కాలినట్టుంటది, అది జబ్బు కాదు.

మన వినకర్ వసాహత్‌లో చాలా ఇండ్ల ముందర ఒకటో రెండో మేకలుంటయి. ఇవి చాలావరకు నల్లటి ఉస్మానాబాదీ మేకలే. బీడీలు చుట్టి కూడబెట్టిన పైసలతో కొన్నవి. అందుకే ఈసారి మేక ముచ్చటే రాస్తున్న.

చూసే వరుస ముఖ్యం. ముందు దూరం నుంచి ఊపిరి లెక్కపెట్టాలె. మేకను పట్టుకున్నాక లెక్కపెడితే బెదిరి గబగబ పీలుస్తది, లెక్క చెడిపోతది. పక్క డొక్క లేచి పడితే ఒకటి. గడియారం చూస్తూ నిమిషం లెక్కపెడితే మామూలుగా 15 నుంచి 30 వస్తది. ఆ తర్వాత నాడి. వెనుక తొడ లోపలివైపు రెండు వేళ్ళు మెత్తగా ఆనిస్తే కొట్టుకుంటది. నిమిషానికి 70 నుంచి 90. పిల్లలకు ఇంకా ఎక్కువే. బొటనవేలు పెట్టొద్దు, మన నాడే మనకు తగులుతది. ఆవుకైతే తోక అడుగున మొదలు దగ్గర చూస్తరు.

చివరికి థర్మామీటర్. పాదరసంది అయితే బాగా విదిలించి 96 కిందికి దించాలె. కొసకు నూనె రాసి, మలద్వారంలో రెండంగుళాలు పెట్టి, కొంచెం పక్కకు వంచి లోపలి గోడకు ఆనించాలె. పెంట్లో గుచ్చుకుంటే వేడి తక్కువ చూపిస్తది. రెండు నిమిషాలు చెయ్యి వదలకుండ పట్టుకోవాలె. వెనుక కొసకు దారం కట్టుండ్రి, లోపలికి పోతే కష్టం. మేకకు వాడిన థర్మామీటర్ బిడ్డ నోట్లో పెట్టొద్దు, వేరేది కొనుక్కోండ్రి.

ఎండాకాలం షోలాపూర్ మధ్యాహ్నం ఈ లెక్కలన్నీ తప్పుతయి. రేకుల కింద కట్టేసిన మేక నిమిషానికి యాభై, అరవైసార్లు రొప్పుతది, వేడి కూడ 104 దాక పోవచ్చు. నీడకు తెచ్చి నీళ్ళు పెట్టి, తెల్లారి పొద్దు పొడవకముందు మళ్ళీ చూడాలె. మామూలుకు వస్తే అది ఎండదెబ్బే. తెల్లారి చల్లగ కూడ 104 దాటితే అది జబ్బే. అందుకే నేను రోజూ పొద్దున్నే ఒకే టైముకు చూసి గోడమీది క్యాలెండర్‌ల రాస్తున్న.

ఆ క్యాలెండరే ఒకసారి పనికొచ్చింది. వానలు మొదలైనప్పుడు సంతల ఒక ఆడమేకను కొన్న. నాలుగు రోజులు పొద్దున 102.4, 102.6 ఇట్లనే వచ్చింది. ఐదోరోజు 104.8. నాడి 112, ఊపిరి 36. మేక మాత్రం ఆకు తింటనే ఉన్నది. మా ఇంటామె, "తింటున్నది కదా, ఇంకేం జబ్బు" అన్నది. అయినా దాన్ని వెనుక సందులో వేరే కట్టేసి, నీళ్ళ బకెట్టు కూడ వేరు చేసిన. తెల్లారి కండ్లల్ల నీళ్ళు, ముక్కున జిగట. మూడోనాటికి నోట్లో పుండ్లు, పారుడు. పశువుల దవాఖానల డాక్టర్ చూసి పి.పి.ఆర్. అన్నడు, మనవాళ్ళు పారుడు రోగం అంటరు. దానికి వైరస్‌ను చంపే మందు లేదు. న్యుమోనియా కాకుండ సూదులు, ఒంట్ల నీరు పోకుండ సెలైన్, అంతే. ఆ మేక దక్కలేదు.

పాతవి రెండున్నయి. వేరు చేయకముందు నాలుగు రోజులు అవి ఒకే బకెట్ల తాగినయి, అంటే అప్పటికే అంటుకొని ఉండొచ్చు. రోజుకు రెండుసార్లు చూసిన. వారానికి ఒకదానికి 105 వచ్చింది. ముక్కు కారకముందే, ఆ పూటనే దవాఖానకు తీసుకపోయిన. నోట్లో పుండ్లు అయినా గంజి తాగించి బతికించుకున్నం. రెండోదానికి ఏమీ కాలేదు. ఈ రోగానికి టీకా ఉన్నది, ఒకసారి ఏస్తే మూడేండ్ల దాక కాపాడతది. కానీ జ్వరం ఉన్న మేకకు ఏయరు. సంత మేకను ఇంటికి తెచ్చినంక మూడువారాలు పాతవాటితో కలపకండ్రి, నేను చేసిన తప్పు అదే.

వేడి తగ్గుడు కూడ మంచిది కాదు. జబ్బు మేక లేవలేక పడుకున్నప్పుడు 100 కిందికి దిగితే జ్వరం పోయిందని సంబరపడొద్దు, ప్రాణం జారుతున్నట్టు. బట్ట కప్పి వెంటనే డాక్టర్‌ను పిలవాలె.

ఇంక కోళ్ళ సంగతి. వాటికి థర్మామీటర్, నాడి పని లేదు. గుండె నిమిషానికి 250 పైనే కొట్టుకుంటది, వేలితో లెక్కకు అందదు, పట్టుకుంటే ఇంకా ఎక్కువైతది. చల్లటి పొద్దున ముక్కు తెరిచి పీలుస్తున్నదా, ఊపిరికొకసారి తోక ఊగుతున్నదా చూడాలె. మధ్యాహ్నం ముక్కు తెరిస్తే ఎండకు. తెల్లారి తెరిస్తే ఆ కోడిని గంప కింద వేరే పెట్టుండ్రి.