మెదడు నేర్చుకునేది నిస్సహాయతను కాదు

వ్యక్తిత్వ వికాస తరగతుల్లో ఏనుగు కథ తరచూ వినిపిస్తుంది. గున్నగా ఉన్నప్పుడు గొలుసు తెంచుకోలేక అలసిపోయిన ఏనుగు, పెద్దయ్యాక మామూలు తాడుతో కట్టినా కదలదట. నీ వల్ల కాదన్న నమ్మకమే నీకు సంకెల, దాన్ని వదిలించుకుంటే చాలు అన్నది కథలోని నీతి. ఈ కథకు ఆధారంగా చెప్పే సిద్ధాంతం పేరు 'నేర్చుకున్న నిస్సహాయత'. ఆ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన ఇద్దరు శాస్త్రవేత్తలే యాభై ఏళ్ల తరువాత దాన్ని తలకిందులు చేశారు. ఈ మలుపు ఇంకా జనంలోకి రాలేదు. అందుకే డిప్రెషన్‌తో బాధపడేవారికి పనికిరాని సలహాలు అందుతూనే ఉన్నాయి.

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ 1967లో ప్రచురించిన ప్రయోగంతో ఈ కథ మొదలవుతుంది. వారు కుక్కలను మూడు జట్లుగా విడదీశారు. మొదటి జట్టుకు విద్యుత్ షాక్ తగిలినప్పుడు తలతో పక్కనున్న పలకను నొక్కితే అది ఆగిపోయేది. రెండో జట్టుకు సరిగ్గా అన్నే షాకులు, అంతే సేపు తగిలేవి. కానీ అవి ఏం చేసినా షాక్ ఆగదు. మూడో జట్టుకు షాకులు లేవు. తరువాత అన్నింటినీ మధ్యలో పొట్టి అడ్డు ఉన్న పెట్టెలో ఉంచారు. ఆ అడ్డు దూకితే షాక్ నుంచి తప్పించుకోవచ్చు. మొదటి, మూడో జట్లు త్వరగానే దూకడం నేర్చుకున్నాయి. రెండో జట్టులో ఎక్కువ కుక్కలు దూకే ప్రయత్నమే మానేసి షాక్‌ను భరిస్తూ ఉండిపోయాయి.

మొదటి రెండు జట్లూ పడిన బాధ ఒక్కటే. దాన్ని ఆపడం తమ చేతుల్లో ఉందా లేదా అన్నదొక్కటే తేడా. అందుకే చేసే పనికీ జరిగే దానికీ సంబంధం లేదని రెండో జట్టు కుక్కలు 'నేర్చుకున్నాయి' అని శాస్త్రవేత్తలు తేల్చారు. ఉత్సాహం, చొరవ పోయి కూలబడిపోవడం డిప్రెషన్‌లోనూ కనిపిస్తుంది కాబట్టి, ఇది ఆ జబ్బుకు నమూనాగా పేరు పొందింది.

మేయర్ ఆ తరువాత మెదడు పరిశోధన వైపు మళ్లి, కొలరాడో విశ్వవిద్యాలయంలో ఎలుకలపై ఇదే ప్రశ్నను కొనసాగించారు. మెదడు కాండంలో డోర్సల్ రాఫే అనే చిన్న కేంద్రం ఉంది. మెదడుకు సెరటోనిన్ పంపే ముఖ్యమైన చోట్లలో అదొకటి. ఎడతెగని బాధ ఎదురైతే ఆ కేంద్రం చెలరేగుతుంది. దాని ఫలితంగా భయం పెరుగుతుంది, తప్పించుకునే కదలిక తగ్గుతుంది. ఇందులో నేర్చుకోవలసింది ఏమీ లేదు. దీర్ఘకాలపు బాధకు మెదడు పుట్టుకతోనే ఇచ్చే స్పందన అది.

మరి బాధను ఆపగలిగిన ఎలుకలు ఎందుకు చతికిలబడలేదు? మెదడు ముందు భాగంలోని వెంట్రోమీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్, పరిస్థితి తన చేతుల్లో ఉందని గుర్తించి, డోర్సల్ రాఫేకు కళ్లెం వేస్తుంది. 2005లో మేయర్ బృందం ఒక మందుతో ఈ ముందు భాగాన్ని కాసేపు స్తంభింపజేసి చూసింది. ఆ స్థితిలోనూ ఎలుకలు చక్రం తిప్పి షాక్‌ను ఆపుకున్నాయి. అయినా తరువాత అచ్చం నిస్సహాయంగా తయారైన ఎలుకల్లాగే ప్రవర్తించాయి. అంటే బాధ ఆగడం ఒక్కటే వాటిని కాపాడలేదు. ఆపింది తానేనని మెదడు గుర్తించినప్పుడే రక్షణ కలిగింది. 2016లో సెలిగ్‌మన్, మేయర్ కలిసి రాసిన సమీక్ష ఈ మాటనే సూటిగా ఒప్పుకుంది: మెదడు నేర్చుకునేది నిస్సహాయతను కాదు, పరిస్థితిపై తనకున్న పట్టును.

ఈ తేడా చిన్నదిగా అనిపించినా, కోలుకోవడం గురించిన ఆలోచననే మారుస్తుంది. నిస్సహాయత ఒక తప్పుడు నమ్మకమైతే మంచి మాటలతో తొలగిపోవాలి. కానీ కొత్తగా నేర్చుకోవలసింది పట్టు అయితే, దానికి అనుభవమే కావాలి. 1968లో సెలిగ్‌మన్ బృందం చేసిన మరో ప్రయోగం ఈ విషయాన్ని అప్పుడే చూపించింది. కదలని కుక్కలను అవతలి వైపు నుంచి పిలవడం చాలావరకు ఫలించలేదు. మెడకు తాడు కట్టి, అటూ ఇటూ పదే పదే లాగి, కదిలితే షాక్ ఆగుతుందని ఒంటికి తెలిసేలా చేసిన తరువాతే అవి తమంతట తాము దూకాయి.

మనుషుల విషయంలో దీనికి దగ్గరగా ఉన్న చికిత్స 'బిహేవియరల్ యాక్టివేషన్'. ఉద్యోగం పోయి, పది చోట్ల తిరస్కరణ ఎదురై, మంచానికి అతుక్కుపోయిన ఒక వ్యక్తిని ఊహించండి. 'ధైర్యంగా ఉండు, మళ్లీ ప్రయత్నించు' అంటే, అతన్ని మళ్లీ ఫలితం తన చేతిలో లేని చోటికే తోసినట్టు. ఈ పద్ధతిలో సలహాదారు మొదట రోజంతా ఏం చేశాడో, అప్పుడు మనసు ఎలా ఉందో రాయమంటాడు. తరువాత ఫలితం అతని మీదే ఆధారపడే ఒక చిన్న పనిని ఇద్దరూ కలిసి ఎంచుకుంటారు. ఉదయం ఏడింటికి వీధి చివర వరకు నడవడం కావచ్చు. పాత మిత్రునికి ఫోన్ చేయడం కావచ్చు. ఉత్సాహం వచ్చాక చేద్దామని ఆగకుండా, అనుకున్న వేళకే చేయాలి. చేయలేకపోతే అది ఓటమి కాదు, పని ఇంకా పెద్దదిగా ఉందన్న గుర్తు. అప్పుడు దాన్ని గుమ్మం వరకు నడవడంగా తగ్గిస్తారు.

ఇది మన దేశంలో నిరూపణ అయిన మార్గమే. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డిప్రెషన్ తీవ్రంగా ఉన్న 495 మందిపై విక్రమ్ పటేల్ బృందం జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో 'లాన్సెట్'లో వచ్చాయి. మానసిక వైద్యులు కాని, శిక్షణ పొందిన మామూలు సలహాదారులే ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని ఈ పద్ధతిని నేర్పారు. మూడు నెలల తరువాత ఈ సాయం అందినవారిలో 64 శాతం మంది తేరుకోగా, మామూలు వైద్యం మెరుగుపరచి ఇచ్చిన రెండో జట్టులో 39 శాతం మందే తేరుకున్నారు.

ఇక్కడ రెండు హద్దులు గుర్తుంచుకోవాలి. ఎలుకల్లో ఈ జడత్వం కొన్ని రోజులకే సడలిపోతుంది. మనుషుల్లో డిప్రెషన్ నెలల తరబడి సాగుతుంది, దానికి జన్యువుల నుంచి థైరాయిడ్ లోపం దాకా అనేక కారణాలు ఉంటాయి. గోవా ఫలితం కూడా ఎలుకల మెదడులో చూసిన మార్గమే మనుషుల్లో పని చేసిందని రుజువు చేయదు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నప్పుడు నడక ప్రణాళికతో సరిపెట్టకూడదు, వెంటనే వైద్యుణ్ణి కలవాలి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు.

రెండో హద్దు ఇంకా ముఖ్యమైనది. రెండో జట్టు కుక్కలకు మొదటి దశలో నిజంగానే దారి లేదు. వడ్డీ పెరుగుతూ పోయే అప్పు, రోజూ కొట్టే భర్త, ఎన్నిసార్లు తిరిగినా కదలని ఫైలు కూడా అలాంటి స్థితులే. అక్కడ చిక్కుకున్న మనిషికి సానుకూల దృక్పథం నేర్పడం, షాక్ ఆపకుండా కుక్కను మందలించడంతో సమానం. ముందు షాక్ ఆగాలి. ఆ తరువాత, చేసిన పనికి ఫలితం కచ్చితంగా కనిపించే ఒక చిన్న చోటు ఆ మనిషికి దొరకాలి. అప్పుడే మెదడుకు నేర్చుకోవడానికి ఏదైనా ఉంటుంది.