రాత్రి రాసే తిండి లెక్కలో జారిపోయేవి

పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా తిన్నవీ తాగినవీ జ్ఞాపకం మీద చెప్పించి రాసుకోవడం పోషకాహార సర్వేల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో పల్లెపల్లెనా ఇలాగే లెక్కలు తీసింది. సర్వే చేసేవారు కొలత గిన్నెలు వెంట తీసుకెళ్లి, వండిన కూర ఎంతైందో, ఎవరి కంచంలోకి ఎంత వచ్చిందో ఇంటి ఇల్లాలి చేత వాటితో చూపించమనేవారు. ఇప్పుడు షుగరు ఉన్నవారూ, బరువు తగ్గాలనుకునేవారూ ఇదే లెక్కను రాత్రి భోజనమయ్యాక ఇంట్లో తామే రాసుకుంటున్నారు. కొలత గిన్నె, అడిగే మనిషి లేకపోవడంతో ఆ లెక్కలో కొన్ని జారిపోతున్నాయి.

హనుమకొండ సుబేదారిలో ఉండే ఒక ఉద్యోగి రాసే లెక్కను ఊహించి చూడవచ్చు. పొద్దున నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగు, రాత్రి రెండు జొన్నరొట్టెలు, వంకాయ కూర. అంతటితో కాగితం ముగుస్తుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. కూర్చుని, కంచం ముందు పెట్టుకుని తిన్నవన్నీ వచ్చాయి. రానివి రెండు రకాలు.

మొదటి రకం, నిలబడి తిన్నవి, మరో పని చేస్తూ తిన్నవి. ఆఫీసులో మూడుసార్లు తాగిన చాయ, దానితో రెండు బిస్కెట్లు, సాయంత్రం చౌరస్తా దగ్గర బండి మీద రెండు మిర్చి బజ్జీలు, గుడిలో చేతిలో పెట్టిన పులిహోర, డబ్బా మూత తీసినప్పుడు నోట్లో వేసుకున్న సకినం, పిల్లాడు వదిలేసిన రొట్టె ముక్క. వీటికి భోజనమనే పేరు లేదు. అందుకే భోజనాల వరుసలో వెతికితే దొరకవు. చాయకు రెండు చెంచాల చొప్పున చక్కెర పడితే, చెంచా 5 గ్రాముల లెక్కన, మూడు చాయలతో 30 గ్రాములు, అంటే 120 కేలరీలు. పాలు వేరే.

రెండో రకం, వేరే పదార్థంలో కలిసిపోయినవి. తాలింపు నూనె, మొదటి ముద్దలో నెయ్యి, పచ్చడి మీద తేలే నూనె, మజ్జిగలో ఉప్పు. తిన్నవారు “కూర” అని రాస్తారు తప్ప అందులోని నూనె రాయరు. సొంతంగా వండనివారికి అదెంతో తెలియదు కూడా. వంకాయ కూరలో 60 మిల్లీలీటర్ల నూనె పోసి, కూర ఎనిమిది గరిటెలైతే, రెండు గరిటెలు వేసుకున్న మనిషికి వచ్చింది అందులో నాలుగో వంతు, 15 మిల్లీలీటర్లు. దాదాపు 120 కేలరీలు. వండిన మొత్తంలో తిన్న భాగమెంతో చూసి, పచ్చి సరుకును అదే పాళ్లలో పంచడమే సర్వేల్లోనూ చేసే లెక్క.

మరిచిపోవడానికి ఎదురు తప్పు కూడా ఒకటుంది. రోజూ తాగే మజ్జిగ ఇవాళ తాగకపోయినా చేయి అలవాటుగా రాసేస్తుంది. అలవాటు మనసులో ఉన్నంత గట్టిగా ఇవాళ్టి రోజు ఉండదు.

అందుకే అమెరికా వ్యవసాయ శాఖ సర్వేల్లో ఐదు విడతలుగా అడుగుతారు. మొదట అడ్డు చెప్పకుండా గుర్తున్నంత చెప్పనిస్తారు. తర్వాత పానీయాలు, తీపి, చిరుతిళ్లు, పండ్లు వంటివి పేరుపేరునా గుర్తుచేస్తారు. మూడో విడతలో ఏ వేళకు, ఏ సందర్భంలో తిన్నారో, నాలుగో విడతలో ఎంత తిన్నారో, పైన ఏం వేసుకున్నారో అడుగుతారు. చివర ఒకసారి మళ్లీ చూస్తారు. ఇంట్లో రాసుకునేవారు కూడా “ఏం తిన్నాను” కంటే “ఎక్కడున్నాను, ఎవరితో ఉన్నాను” అని రోజును మనసులో గంటగంటకూ నడుచుకుంటూ వస్తే మొదటి రకం చాలావరకు బయటపడుతుంది. ఫోన్‌పేలో ఆనాటి చెల్లింపులు చూస్తే బజ్జీల బండి, చాయ కొట్టు వాటంతటవే కనబడతాయి.

రెండో రకానికి నెల సరుకులే సాక్ష్యం. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్ల నూనె అయిపోతుంటే, మనిషికి రోజుకు సగటున 25 మిల్లీలీటర్లు. రాత్రి లెక్కల్లో రోజూ పది మిల్లీలీటర్లే వస్తుంటే, మిగతాది కూరల్లో దాగి ఉన్నట్టే. వేయించి పారబోసిన నూనె, చుట్టాలకు పెట్టిన భోజనాలు తీసేయాలి. ఈ పరీక్ష ఇంటి సగటునే చెబుతుంది, ఒక్కొక్కరి వాటాను చెప్పదు.

ఎంత జాగ్రత్తగా రాసినా ఒక్క రోజు లెక్క ఆ ఒక్క రోజుదే. ఒక మనిషి తిండి తీరు తెలియాలంటే వరసగా కాకుండా విడివిడిగా కొన్ని రోజులు రాయాలి. వాటిలో ఒక ఆదివారం కచ్చితంగా ఉండాలి. పనిరోజున లేని మాంసం కూర, బిర్యానీ, చుట్టాలింటి తీపి చాలా ఇళ్లలో ఆ రోజే కంచంలోకి వస్తాయి.