కాళీ అమాస్ ధబుకార్: మేకపోతు లేకున్నా అయితది, పేర్లు లేకుంటే కాదు

దీవాళి దగ్గరికొస్తున్నది. హాస్టళ్ల నుంచి, హైదరాబాద్ రూముల నుంచి అందరం తండాలకు పోతం. పోయే ముందు ధబుకార్ గురించి నా అభిప్రాయం ఒకటి రాస్తున్న. కొంచెం పొడుగుంటది, ఓపికతోని చదవండి.

మన చుట్టూ ఊర్లల్ల పెద్దలకు పెట్టుకునేది పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమాస. బియ్యం, కూరగాయలు, పప్పు, ఉప్పు అన్నీ చాటల పెట్టి అయ్యగారికో జంగమయ్యకో ఇస్తరు. మన లంబాడీలది దానికి సరిగ్గా నెల తర్వాత, దీవాళి అమాస. దాన్నే కాళీ అమాస్ అంటం. ఆ రాత్రి పెండ్లి కాని ఆడపిల్లలు దీపాలు పట్టుకొని ఇంటింటికీ తిరిగి మేరా అడుగుతరు. ధబుకార్ కొన్ని తండాల్లో అమాస నాడే చేస్తరు, కొన్నింట్ల తెల్లారి చేస్తరు. మన పద్ధతిలో నడుమ పూజారి ఉండడు. ఇంటి పెద్దనే తన పెద్దలను పేరు పెట్టి పిలిచి, తన చేతితోనే నిప్పుల మీద పెడతడు. ఇప్పుడు చానా ఇండ్లల్ల రెండూ చేస్తున్నరు. అది తప్పని నేను అంటలేను. కానీ పెత్రమాసకు బియ్యం ఇచ్చినం గదా, ఇంక ధబుకార్ ఎందుకు అని వదిలేస్తే మాత్రం, పిలిచే పని కూడా ఇంకొకరికి అప్పజెప్పినట్టే అయితది.

చేసే తీరు పెద్ద కష్టమేం కాదు. పొద్దున స్నానాలు చేసి, ఇంట్లనో వాకిట్లనో కొంచెం జాగ అలుకుతరు. పొయ్యిల మంచిగ కాలిన నిప్పులు తీసి అక్కడ పోస్తరు. నైవేద్యం లాప్సి. గోధుమ రవ్వ ఒక గ్లాసు తీసుకొని నెయ్యిల దోరగ వేయించి, మూడు గ్లాసుల నీళ్లు పోసి ఉడికించాలె. రవ్వ మెత్తగైనంక గ్లాసుకు కొంచెం తక్కువ బెల్లం వేసి దగ్గర పడేదాక కలపాలె. ఇంటి పెద్ద ముందు నిప్పుల మీద నెయ్యి పోస్తడు. మంట లేస్తది. అప్పుడు ఒక్కొక్క పేరు పిలుచుకుంట కొంచెం కొంచెం లాప్సి పెడతడు. తర్వాత చెంబుల నీళ్లు చేతిలకు తీసుకొని నిప్పుల చుట్టు తిప్పి వదులుతడు. ఇంట్లోళ్లందరూ మొక్కుతరు. మిగిలిన లాప్సి అందరూ తింటరు. ఇంటింటికీ చిన్న చిన్న తేడాలుంటయి, మీ ఇంట్ల ఎట్ల చేస్తరో అట్లనే చెయ్యండి.

ఒక్కోసారి నెయ్యి పోసినా మంట లేవదు, పొగ వస్తది. అప్పుడు పెద్దలకు కోపమొచ్చిందని ముసలోళ్లు బాధపడతరు. నేను చూసినంతల కారణం నిప్పులల్లనే ఉంటది. పైన బూడిద కట్టిన నిప్పు అయినా, లాప్సి పల్చగ ఉండి నీళ్లు కారినా, ఒకేసారి పిడికెడు పెట్టినా నిప్పు ఆరుతది. బూడిద ఊదేసి ఎర్రటి నిప్పు తీసుకోవాలె. గంటె తిప్పితే జారకుండ నిలిచేంత గట్టిగ లాప్సి ఉండాలె. ఒక్కో పేరుకు వేలితో తీసినంత చాలు.

రూముల్లో ఉండేటోళ్లకు గ్యాస్ పొయ్యి ఉంటది, నిప్పులుండవు. నాలుగైదు ఎండు కొబ్బరి చిప్పలు ఇనుప మూకుడుల వేసి కాల్చండి. మంట తగ్గి ఎర్రగైనంక నిప్పులు తయారైనట్టు. మూకుడు కింద ఇటుక పెట్టండి. ఇదంతా మేడ మీదనో బయటనో చెయ్యాలె. తలుపులు మూసిన రూముల బొగ్గు కాలిస్తే వచ్చే విషవాయువు కంటికి కనపడదు, ప్రాణాలు పోతయి.

ఇప్పుడు అసలు మాట. లాప్సి ఉంటది, నెయ్యి ఉంటది, నిప్పు ఉంటది. పిలువనీకె పేర్లు ఉన్నయా? మన వయసోళ్లను అడిగితే తాత పేరు చెప్తరు. తాత నాయిన పేరంటే చానా మంది ఆగిపోతరు. ఆ పేర్లు ఇంట్ల ఒక్కరికే తెలుస్తయి, ధబుకార్ చేసే ముసలాయనకు. ఆయన పోయిన ఏడు ఆ నిప్పుల ముందు కొడుకు కూసుంటడు. రెండు పేర్లు పిలిచి, ‘మిగతా పెద్దలందరూ’ అని ముగిస్తడు. నా లెక్కల ధబుకార్ పోయేది అక్కడనే. ఎనకట మన వంశాలను నోటికి చెప్పేటోళ్లు ఢాడీలు, భాట్లు ఉండేటోళ్లు. వాళ్ల రాక ఇప్పుడు తక్కువైంది.

పేర్లు ఎట్ల వెతకాలె? దేవరకొండ దిక్కు ఒక రమావత్ ఇల్లు అనుకుందాం. పిల్లగానికి తాత పేరు తెలుసు. నాయినను అడిగితే ముత్తాత పేరు దొరుకుతది. ఆ పైన నాయినకూ తెలియదు. అప్పుడు తాత తోబుట్టువులల్ల బతికున్నోళ్లను అడగాలె, ముఖ్యంగ వేరే తండాకు ఇచ్చిన మేనత్తలను. పుట్టింటి పెద్దల పేర్లు వాళ్లకు మంచిగ యాదికుంటయి. దానితోని పాటు 1954-55 ఖాస్రా పహాణీ నకలు తహసీల్దారు ఆఫీసుల అడగాలె. పట్టాదారు పేరు పక్కన తండ్రి పేరు కూడా ఉంటది. పట్టా మనోళ్ల పేరున లేకున్నా, సాగు చేసినోళ్ల పేర్ల గడి కూడా చూడండి. ఇంటిపేరు బదులు ‘లంబాడ’ అని రాసి ఉండొచ్చు, పేరు కూడా పట్వారికి వినపడ్డట్టు రాసి ఉండొచ్చు. అందుకే కాగితం చూసి ఊకోకుండ, ఆ పేరు మేనత్తకు చదివి వినిపించి ‘మనోళ్లేనా’ అని అడగాలె. కాగితం, మనిషి ఇద్దరూ ఒక్కటే చెప్తే ఆ పేరు ఖాయం.

ఇందుల ఆడోళ్ల పేర్లు ఇంకా తొందరగ పోతున్నయి. పహాణీల ఆడోళ్ల పేర్లు దొరికేది తక్కువ. తండాల వాళ్లను ఫలానా వాని యాడి అనే పిలుస్తరు గని పేరుతోని పిలవరు. మీ నాయినమ్మ అత్త పేరేంది? ఈ ఒక్క ప్రశ్న ఇంట్ల అడిగి చూడండి. ఆమె కూడా మన పెద్దనే. నిప్పుల ముందు తాత పేరుతోని పాటు ఆమె పేరు కూడా వినపడాలె.

ఖర్చు సంగతి కూడా చెప్పాలె. మేకపోతు కోసుడు, సార పోసుడు చానా ఇండ్లల్ల ఉంది. ఉన్నోళ్లు చేసుకుంటరు, మొక్కు ఉన్నోళ్లు చేసుకుంటరు, వద్దనడానికి నేనెవరిని. కానీ బొంబాయి, పుణె పనికి పోయొచ్చిన కుటుంబం వడ్డీకి తెచ్చి పోతు కొయ్యాల్సిన పని లేదు. ‘పోతు లేకుంటే పెద్దలు ఊకుంటరా’ అని పెద్దమనుషులు అంటరు. నేను వాళ్లకు చెప్పేది ఒకటే. మన ధబుకార్‌ల నిప్పుల మీద పడేది లాప్సి, నెయ్యి. దావతు ఆ తర్వాత బతికున్నోళ్లకు. దావతు చిన్నగైతే పెద్దలకు తక్కువయ్యేదేం లేదు. పిలవకుంటేనే తక్కువైతది.

అందుకే ఈసారి తండాకు పోయినప్పుడు ధబుకార్ కాంగనే లేచి పోకండి. పేర్లు పిలుస్తున్నప్పుడు పక్కన కూసోని వినండి. అయినంక ఒక నోటుబుక్కుల వరుస తప్పకుండ రాయండి: పేరు, ఎవరి కొడుకు లేదా ఎవరి భార్య, ఏ తండా, గోత్ ఏంది. వచ్చే ఏడు ఆ పుస్తకం నిప్పుల పక్కన పెట్టుకోవచ్చు.

మా నల్లమల చెంచు తమ్ముళ్లు, ఎరుకల అక్కచెల్లెళ్లు, మీ ఇండ్లల్ల పెద్దలను ఎప్పుడు, ఏం పెట్టి తలుచుకుంటరో మీరు కూడా గ్రూపుల రాయండి. మాకు తెలిసింది మా ఇంటి సంగతే, మీది మీరే చెప్పాలె.