సీమ కథలో కపిల ఉంది, బాన కుట్టినోడు లేడు (ఊరి బతుకులు – 9)

"అన్నా, నేను సిటీలో పుట్టి పెరిగాను. పల్లె కుటుంబాలు ఎట్లా బతుకుతాయో తెలుసుకోవాలి, రాయలసీమ కథలు ఏవి చదవాలి?" అని యూనివర్సిటీ తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతుంటారు. చదవండి. కేతు విశ్వనాథరెడ్డిని చదవండి, సింగమనేని నారాయణను చదవండి. కరువు, అప్పు, ఎండిన బోరు ఒక ఇంటిని లోపలి నుంచి ఎట్లా తినేస్తాయో వాళ్లు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేదు. కానీ చదివేటప్పుడు ఒక ప్రశ్న చేతిలో పెట్టుకోండి: ఈ కథలో "పల్లె కుటుంబం" అంటే ఏ కుటుంబం?

కపిల బావి సంగతే తీసుకుందాం. కరెంటు మోటార్లు రాకముందు కడప, కర్నూలు మెట్ట పల్లెల్లో తోట తడవాలంటే కపిలే దిక్కు. బావి గట్టు నుంచి కిందికి వాలుగా బారి ఉంటుంది. ఎద్దులు ఆ వాలులో దిగుతుంటే మోకు గిలక మీద లాగబడి తోలు బాన నీళ్లతో పైకొస్తుంది. బాన అడుగున ఉండే తోలు తొండం తెరుచుకుని నీళ్లు తొట్టిలో పడతాయి. ఎద్దులు వెనక్కి నడిస్తే బాన మళ్లీ బావిలోకి దిగుతుంది. పొద్దుగూకులూ ఇదే పని. పాత రోజులు తలుచుకునే రాతల్లో ఎద్దుల పేర్లుంటాయి, కపిల తోలే రైతు పాటుంటుంది.

మరి ఆ బాన ఎక్కడిది?

చచ్చిన గొడ్డును ఊరి బయటికి మోసింది మా మాదిగోళ్లు. తోలు ఒలిచి, సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి ఊరేసి, వార్లతో కుట్టింది మా అబ్బలాంటోళ్లు. కుట్టు వదిలితే బాన పైకొచ్చేలోపే నీళ్లు కారిపోతాయి. ఎద్దుల కష్టం సగం బావిలోనే పోతుంది. అందుకే తడి మధ్యలో తోలు పగిలితే ఏ పొద్దయినా మాదిగపేటకు కబురొచ్చేది. ఈ పనికి డబ్బు లేదు. పంట నూర్చినాక కళ్లంలో మేర కింద ఇన్ని గింజలు కొలిచేవాళ్లు. అదీ కళ్లం ఊడ్చి, అందరి వాటాలూ పోయినాక, దూరంగా నిలబడినప్పుడే.

మోటార్లు వచ్చాయి. రైతు ఇంటికి అది ఎద్దుల చాకిరీ తప్పడం. మా ఇంటికి అది మేర ఆగిపోవడం. నీళ్లు తోడే పనిలో మాకున్న ఒక్క హక్కూ పోయింది. భూమి మాత్రం రాలేదు. పని పోయింది, ఆ పని పేరుతో అంటగట్టిన అంటు పోలేదు. తర్వాత బోరు ఎండినప్పుడు ఆ ఏడుపు కథ అయింది. అంతకుముందే బాన మూలనపడ్డ ఇంటి ఏడుపు ఎన్ని కథలయింది?

ఇప్పటి కరువునూ ఇట్లాగే చూడండి. జూన్, జూలైల్లో వాన పడి శెనక్కాయ వేశారనుకోండి. పూత మీద వాన మొగమేయలేదు. నేల గట్టిపడి ఊడలు దిగవు, కాయ ఊరదు. రైతుకు విత్తనం పోయింది, ఎరువు పోయింది, అప్పు మిగిలింది. అది నిజమైన దుఃఖం, దాన్ని తక్కువ చేయను. అదే చేనుమీద బతికే కూలి ఇంటికి ఏం పోయింది? రెండో కలుపు పోయింది, కాయ పెరికే కూలి పోయింది, కాయ తెంపే కూలి పోయింది. చివరికి చేలో పరిగె ఏరుకునేదీ పోయింది. పంట నష్టాన్ని ఎకరాల్లో లెక్కగడతారు. ఎకరా లేని ఇంటి నష్టానికి ఆ కాగితంలో గడే లేదు. అందుకే కోసిగి, ఆదోని దిక్కు ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతారు. ముసలోళ్లు ఇంటికాడ, పిల్లల బడి మధ్యలో.

"రైతే చస్తుంటే మళ్లీ కులమేంది?" అనేవాళ్లున్నారు. రైతు కథ తీసేయమని నేననలేదు. ఒక ఇంటి కథను ఊరంతటి కథ అనొద్దంటున్నా. తన ఇంటి గడప దాటి రాయడం చేతకానిదేం కాదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి "కొండపొలం"లో కరువుకు గొర్రెల్ని నల్లమలకు తోలుకుపోయే గొల్లల బతుకు రాశాడు. కర్నూలు జిల్లా నుంచి నాగప్పగారి సుందర్రాజు 1997లో "మాదిగోడు" కథలు మా నుడికారంలోనే అచ్చేశాడు. 2000లో చిన్న వయసులోనే పోయాడు. పల్లె బతుకు తెలుసుకోవాలనేవాళ్లు అడిగే జాబితాల్లో ఆ పుస్తకం పేరు ఎన్నిసార్లు విన్నారో మీరే చెప్పండి.

కాబట్టి తమ్ముడూ, చెల్లీ, సీమ కథ ఏది చదివినా మూడు అడగండి. ఈ ఇంట్లో పనిముట్టు ఎవరు చేశారు? కళ్లం ఎత్తినాక ఎవరి ఇంటికి ఎన్ని గింజలు పోయాయి? పంట పోయిన నెలలో ఎవరు ఊళ్లో ఉన్నారు, ఎవరు బస్సెక్కారు? జవాబు దొరక్కపోతే ఆ కథ అబద్ధమని కాదు. మీరు ఊర్లో ఒక వీధి మాత్రమే చూశారని. ఊరి బయట ఇంకో పేట ఉంది, అక్కడిదాకా నడవండి.