జీడీలో అరిచినోడికే మార్కులు పడుతయా?



ప్లేస్‌మెంట్ సీజన్ వచ్చిందంటే లాలాపేట్‌లోని మా హాస్టల్ గదుల్లో ఒకటే మాట తిరుగుతది: "జీడీలో ముందు నోరు తెరిచినోడే గెలుస్తడు, ఇంకొకరికి సందియ్యకు." ట్రైనింగ్ ఇచ్చేటోళ్లలో కూడా కొందరు ఇదే నేర్పుతున్నరు. ఇది తప్పుడు సలహా అని మేము గట్టిగనే అంటున్నం. దీంతో ముందు దెబ్బ తినేది మనోళ్లే. ఇంట్ల గోర్ బోలీనో కోయనో మాట్లాడి, తెలుగు మీడియంలో చదివొచ్చినోళ్లు ఇంగ్లిష్ వాక్యం మనసులో కట్టుకునేలోపు పక్కోడు మూడు వాక్యాలు అరిచేస్తడు. రాతపరీక్ష పాసైనోళ్లు ఒక్క మాట అనకుండనే ఆ గది నుంచి బయటికొస్తున్నరు.

లెక్క చూడుండ్రి. పది మంది, పదిహేను నిమిషాలు. ఒక్కొక్కరి వాటా నిమిషంన్నర, అంటే అరనిమిషం చొప్పున మూడుసార్లు. నాలుగు నిమిషాలు మాట్లాడినోడు పక్కోళ్ల వాటా తిన్నట్టే. పక్కన కూసున్న ప్యానెల్ మామూలుగా చూసేది విషయం, చెప్పే తీరు, వినే తీరు, పదిమందితో కలిసి నడిచే తీరు. అరుపు వీటిలో రెండింటిని చెడగొడుతది.

ఒక టాపిక్ తీసుకుందాం: మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మంచిదేనా? మన రాష్ట్రంలో 2023 డిసెంబర్ 9న మొదలైంది కాబట్టి అందరికీ ఏదో ఒకటి తెలుసు. అందుకే గొడవ కూడా ఎక్కువైతది. ఆలోచించుకోమని రెండు నిమిషాలిస్తే వాక్యాలు రాయొద్దు, ఈ సంగతిలో ఎవరెవరు ఉన్నరో రాయాలె: ప్రయాణం చేసే ఆడవాళ్లు, ఆర్టీసీ, ఆటో డ్రైవర్లు, ఖజానా. ఈ నాలుగు మాటలు చాలు.

మొదటి రెండు నిమిషాలు చేపల మార్కెట్ లెక్క ఉంటది. అక్కడ దూరకపోయినా నష్టం లేదు. కానీ ఐదో నిమిషం దాటితే లోపలికి పోవుడు కష్టం. మాట్లాడేటోడు వాక్యం ముగించి ఊపిరి తీసుకునే చోటే తలుపు. అప్పుడు కొంచెం ముందుకు వంగి, ప్యానెల్ దిక్కు కాదు, ఆ మనిషి దిక్కే చూసి, "ఐ వాంట్ టు యాడ్ టు నంబర్ ఫోర్స్ పాయింట్" అనాలె. మొదటి మూడు మాటలు కొంచెం గట్టిగ, తర్వాత మామూలు గొంతుతో. అతని మాటనే పట్టుకొని మొదలుపెట్టినం కాబట్టి అతనే ఆగి వింటడు.

లోపలికి పోయినంక చెప్పాల్సింది ఒక్క సంగతే, ఒక కారణంతో, ఒక ఉదాహరణతో. నాలుగో నంబర్ "ఆటోవాళ్ల గిరాకీ పోయింది" అన్నడనుకోండి. మనం ఇట్ల కలపొచ్చు: "నిజమే. కానీ బస్సే రాని తండాకు జీరో టికెట్‌తో ఏం లాభం? అక్కడ ఆడవాళ్లు ఇయ్యాల్టికీ ఆటోకే పైసలిస్తరు. కాబట్టి టికెట్‌తో పాటు రూట్లు కూడా పెంచాలె." ఆ గదిలో ఈ మాట మనకే తెలుసు. అరనిమిషంలో చెప్పి ఆపాలె, ఊరి కథంతా చెప్పొద్దు. నడుమ ఎవరన్నా అడ్డొస్తే "ఒక్క వాక్యం, పూర్తి చేస్తా" అని ఒకసారే అని ముగించాలె. రెండోసారి అడ్డొస్తే వదిలిపెట్టి, మళ్లీ ఊపిరి సందు కోసం చూడాలె.

ఆఖర్ల సారాంశం చెప్పమంటే చానామంది తమ వాదననే మళ్లీ మొదలుపెడతరు. అది సారాంశం కాదు. తండా పంచాయితీల రెండు పక్షాల మాటా పట్టించుకోకుండ నాయక్ తీర్పు చెప్తే ఎవరొప్పుకుంటరు? ఇక్కడా అంతే. కొత్త పాయింట్ ఉండొద్దు, నిమిషం దాటొద్దు: "ఆడవాళ్ల చదువుకు, పనికి ఇది ఆసరా అని ఎక్కువమంది అన్నరు. ఆర్టీసీకి ప్రభుత్వం సొమ్ము టైముకు రావాలని ఇద్దరన్నరు. ఆటో డ్రైవర్ల సంగతి తేలలేదు. బస్సు లేని ఊర్లకు రూట్లు కావాలన్నదానికి ఎవరూ అడ్డు చెప్పలేదు." మనల్ని కాదన్నోడి మాట అందులో అతనికి వినపడితేనే అది సరైన సారాంశం. దీనికి మొదటినుంచీ నంబర్ల పక్కన ఒక్కో మాట రాసుకోవాలె. అంటే విన్నోడే చెప్పగలడు, అరిచినోడు చెప్పలేడు.

ఊరికే కూసునుడు మర్యాద అని మనోళ్లు కూడా అనుకోవద్దు. మాట్లాడనోడికి ప్యానెల్ ఏ మార్కు వేస్తది? అరిచినోడినే తీసుకునే ప్యానెళ్లు లేవని మేమనట్లేదు. కానీ వాటిని చూసి అందరికీ అరుపు నేర్పుడు అన్యాయం. అందుకే కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్‌లను మేమడిగేది ఇదే: మాక్ జీడీలో ఒక మనిషి గడియారం పట్టుకొని ఎవరు ఎంతసేపు మాట్లాడిండ్రో రాయాలె, ఎవరెవరిని అడ్డుకున్నరో రాయాలె, ఆ కాగితం అందరి ముందర చదవాలె. వాళ్లు చేయకపోతే హాస్టల్ డాబా మీద ఎనిమిది మందిమి కూసొని మనమే చేసుకుందాం. దానికి కావాల్సింది ఒక ఫోన్, ఒక పెన్ను.